బ్రాకెట్ల లెక్కలో ఆ మైనస్ ఎక్కడిది?

(అమలాపురంలో డిగ్రీ, పీజీ గణితం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. బోర్డు మీద రాసిన సూత్రాలను ఆయా చోట్ల చేర్చాం.)

అందరికీ నమస్కారమండీ. ముందు బోర్డు చూడండి. తెరిచే బ్రాకెట్లు మూడు, మూసేవి మూడు. ఎడమ నుంచి చదువుకుంటూ పోతే ఎక్కడా మూసినవి తెరిచినవాటిని మించకూడదు. అలా ఎన్ని వరసలు వస్తాయి?

((()))   (()())   (())()   ()(())   ()()()

అయిదు. ఒక్క జతకైతే ఒకటే, రెండు జతలకు రెండు, నాలుగు జతలకు 14, అయిదు జతలకు 42. ఇవి కటలాన్ సంఖ్యలు. n జతలకు వచ్చే సంఖ్యని Cₙ అందాం. అసలు జతలే లేకపోతే ఏమీ రాయని ఖాళీ వరస ఒక్కటే ఉంటుంది, అందుకని C₀ = 1. ఇది గుర్తుంచుకోండి, దీన్ని సున్నా అనుకుంటే మొత్తం లెక్క చతికిలబడుతుంది.

ఫార్ములా మీలో చాలామందికి తెలుసు. వర్గ సమీకరణం సాధిస్తాం, ప్లస్ ఆర్ మైనస్ వస్తుంది, "x = 0 దగ్గర ప్లస్ పనికిరాదు కాబట్టి మైనస్ తీసుకుందాం" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోతాం. ఆ మాట తప్పని అనను. కానీ హారంలో 2x పెట్టుకుని x = 0 ఎలా వేస్తారండీ అని వెనక బెంచీ నుంచి ఎవరైనా అడిగితే నీళ్ళు నములుతాం. నేను ఈవేళ ఎక్కువసేపు నిలబడేది ఆ మెట్టు మీదే. అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు సమీకరణం పుట్టాలి కదా, అక్కడ నుంచి మొదలుపెడదాం.

ధాన్యం గోదాము ఊహించుకోండి. తెరిచే బ్రాకెట్ అంటే ఒక బస్తా లోపలికి వచ్చి దొంతర మీద పడింది. మూసే బ్రాకెట్ అంటే దొంతర పైనున్న బస్తా బయటికి పోయింది. ఖాళీ గోదాము నుంచి బస్తా తీయలేం, అదే మన నియమం. సాయంత్రానికి గోదాము ఖాళీ కావాలి. మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, పైవి దించకుండా అడుగుది లాగడం ఎవరి తరమూ కాదు. కాబట్టి పొద్దున్నే అన్నిటికంటే ముందొచ్చిన బస్తా ఎప్పుడు బయటికి పోతుంది? గోదాము మొట్టమొదటిసారి ఖాళీ అయినప్పుడు. సరిగ్గా ఆ క్షణంలోనే.

ఆ క్షణం దగ్గర రోజుని రెండుగా కోయండి. మొదటి బస్తా అడుగున పడి ఉండగా దాని పైన జరిగిన రాకపోకలు ఒక ముక్క, అది పోయాక జరిగినవి రెండో ముక్క. బ్రాకెట్లలో రాస్తే ప్రతి వరసా ఇలా ఉంటుంది:

( A ) B

A, B రెండూ మళ్ళీ సరైన వరసలే, ఖాళీవి కూడా కావచ్చు. మొత్తం n జతలైతే బయటి జతకి ఒకటి పోయింది, మిగిలిన n−1 జతలు A, B పంచుకోవాలి. A కి i జతలు వెళ్తే B కి n−1−i.

Cₙ = C₀Cₙ₋₁ + C₁Cₙ₋₂ + … + Cₙ₋₁C₀

మూడు జతలకి సరిచూద్దాం. A లో రెండు జతలుంటే ((())), (()()) అని రెండు. A లో ఒకటుంటే (())() ఒక్కటే. A ఖాళీ అయితే ()(()), ()()() అని రెండు. మొత్తం అయిదు. పైన రాసిన అయిదూ ఇవే, ఏదీ రెండుసార్లు రాలేదు, ఏదీ జారిపోలేదు.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంటుంది. గోదాము "మొదటిసారి" ఖాళీ అయినప్పుడు అన్నాను. ఆ మాట వదిలేసి, ఎక్కడ ఖాళీ అయితే అక్కడ కోద్దాం అనుకుంటే ఏమవుతుందో చూడండి. విడదీయడానికి వీలుకాని వరసలు, అంటే మొదటి బ్రాకెట్‌కి జత చిట్టచివర ఉండేవి, మూడు జతలకి రెండున్నాయి. విడదీయగలిగేవి C₁C₂ + C₂C₁ = 4 అని వేస్తాం. మొత్తం ఆరు! అసలు ఉన్నవి అయిదే. ఎక్కువొచ్చిన ఆ ఒక్కటి ఎవరంటే ()()(). దాన్ని మొదటి జత తర్వాత కోయవచ్చు, రెండో జత తర్వాతా కోయవచ్చు, అందుకని రెండుసార్లు లెక్కలోకి వచ్చేసింది. మీ సంబంధం మూడు దగ్గర 6 ఇస్తే కోత ఎక్కడ పడిందో చూసుకోండి.

రెండో పొరపాటు చిన్నది. మొత్తం i = 0 నుంచి n−1 దాకా. n దాకా రాస్తే Cₙ తనని తానే పిలుచుకుంటుంది, లెక్క తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఈ సంఖ్యలన్నిటినీ ఒక దండలో గుచ్చుదాం. జనరేటింగ్ ఫంక్షన్ అంటారు, తెలుగులో జనక ప్రమేయం అందాం.

C(x) = 1 + x + 2x² + 5x³ + 14x⁴ + 42x⁵ + …

ఇక్కడ x కి ఏ విలువా లేదు. అది కొబ్బరికాయల రాశి మీద సుద్దముక్కతో వేసిన నంబరు లాంటిది. x³ అంటే "ఇది మూడు జతల తాలూకు లెక్క" అని చెప్పే గుర్తు, అంతే. దీన్ని దీనితోనే గుణిస్తే ఏమొస్తుందో x³ దగ్గర చూద్దాం. x³ రావడానికి 1ని 5x³ తో, x ని 2x² తో, 2x² ని x తో, 5x³ ని 1తో గుణించాలి: 5 + 2 + 2 + 5 = 14. ఇది C₄! వింతేమీ లేదు, మన పునరావృత సంబంధంలో ఉన్న కూడిక అచ్చంగా ఇదే. కాబట్టి C(x)² లో గుణకాలు 1, 2, 5, 14 … అని, అసలు వరస ఒక మెట్టు ఎడమకి జరిగినట్టుంటుంది. దాన్ని మళ్ళీ ఒక మెట్టు కుడికి జరపాలంటే x తో గుణించాలి. గుణిస్తే మొదటి 1 తప్ప అన్నీ దొరుకుతాయి. ఆ 1, అంటే C₀, విడిగా కలుపుతాం.

C(x) = 1 + x·C(x)²

( A ) B అన్న బొమ్మనే మళ్ళీ చదువుతున్నాం చూడండి. వరస ఖాళీ అయితే 1, కాకపోతే ఒక జతకి x, A కి ఒక C, B కి ఒక C.

ఇది C లో వర్గ సమీకరణం. xC² − C + 1 = 0. ఇంటర్మీడియట్ ఫార్ములా వేస్తే

C = (1 ± √(1−4x)) / 2x

అని వస్తుంది. ఇక్కడ ఆగుదాం. C అనేది సంఖ్య కాదు, అంతం లేని ఘాత శ్రేణి. x అనేది విలువ లేని గుర్తు అన్నాం. మరి √(1−4x) అంటే ఏమిటి? 2x తో భాగించడానికి మనకి హక్కుందా?

అందుకని ఫార్ములా వాడకుండా, ఆ ఫార్ములా పుట్టిన పద్ధతిలోనే, వర్గం పూర్తి చేసుకుంటూ వెళ్దాం. సమీకరణాన్ని 4x తో గుణించండి: 4x²C² − 4xC + 4x = 0. మొదటి రెండు పదాలకి 1 కలిపితే (1 − 2xC)² అవుతుంది. అంటే

(1 − 2x·C)² = 1 − 4x

ఎక్కడా భాగించలేదు. వర్గమూలమూ తీయలేదు. ఎడమ వైపు బ్రాకెట్‌లో ఉన్నది మామూలు ఘాత శ్రేణి. దాని స్థిరపదం ఎంత? 2xC లో ప్రతి పదానికీ కనీసం ఒక x ఉంటుంది, కాబట్టి స్థిరపదం 1. అనుమానం లేని 1.

మరి వర్గం చేస్తే 1 − 4x వచ్చే శ్రేణులు ఎన్నున్నాయి? రెండే. స్థిరపదం 1 తో మొదలయ్యేది ఒకటి, దానికి అంతటా గుర్తు మారిస్తే −1 తో మొదలయ్యేది ఇంకొకటి. 1 తో మొదలయ్యేదాన్నే √(1−4x) అని పిలుచుకుంటాం. మన శ్రేణి 1 తో మొదలవుతోంది కాబట్టి 1 − 2xC = √(1−4x). ప్లస్సా మైనస్సా అని ఎంచుకునే అవకాశమే మనకి రాలేదు.

2xC = 1 − √(1−4x)

కుడి వైపు స్థిరపదం 1 − 1 = 0. మిగిలిన ప్రతి పదంలో x ఉంది కాబట్టి x తో భాగిస్తే ప్రతిదీ ఒక మెట్టు దిగుతుంది, ఏదీ సున్నా కిందకి పోదు. 2x తో భాగించే హక్కు ఇప్పుడు వచ్చింది.

(ముందు వరసలో ఒక విద్యార్థిని: "మాస్టారండీ, ప్లస్ తీసుకుంటే వచ్చే రెండో మూలానికి అర్థమేమీ లేదా?")

మంచి ప్రశ్నమ్మా. xC² − C + 1 = 0 లో మూలాల మొత్తం 1/x. ఒకటి C అయితే రెండోది 1/x − C. విప్పి రాస్తే 1/x − 1 − x − 2x² − 5x³ … అదీ వర్గ సమీకరణాన్ని నిక్షేపంగా తృప్తిపరుస్తుంది. కానీ 1/x అంటే "మైనస్ ఒక జత" బ్రాకెట్ల లెక్క, ఆ తర్వాతవన్నీ రుణసంఖ్యలు. అయిదు రకాల పేర్పులు ఉంటాయి గానీ మైనస్ అయిదు రకాలు ఉండవు కదా. పరీక్షలో పొరపాటున ప్లస్ తీసుకుని విస్తరిస్తే సరిగ్గా ఇదే కనిపిస్తుంది: అంకెలు అవే, గుర్తులు తలకిందులు, ముందొక 1/x. అలా కనిపిస్తే విస్తరణలో తప్పు వెతక్కండి, తప్పు ఈ మెట్టులోనే ఉంది.

ఇక విస్తరణ. ద్విపద సిద్ధాంతంలో ఘాతం ½ వేయాలి. √(1−4x) లో xⁿ గుణకం, n ≥ 1 కి:

[ (½)(−½)(−3/2) … ((3−2n)/2) / n! ] × (−4)ⁿ

గుర్తుల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు కాబట్టి గుర్తుని విడిగా తేల్చేద్దాం. లవంలో n కారణాంకాలున్నాయి. మొదటిది ½, ధనసంఖ్య. మిగిలిన n−1 రుణసంఖ్యలు. అటు (−4)ⁿ లో n మైనస్‌లు. మొత్తం 2n−1, బేసి. అంటే n ఎంతైనా గుణకం రుణమే. గుర్తులు మారి మారి వచ్చాయంటే −4 లో మైనస్‌ని ఎక్కడో పారేసుకున్నారన్నమాట.

ఇక పరిమాణం. హారంలో 2 లు n, పైన 4 లు n, కొట్టేస్తే 2ⁿ మిగులుతుంది:

2ⁿ × 1·3·5 … (2n−3) / n!

బేసి సంఖ్యల లబ్ధం ఫాక్టోరియల్‌గా మారాలంటే మధ్యలో సరి సంఖ్యలు దూర్చాలి. 2·4·6 … (2n−2) తో పైనా కిందా గుణిద్దాం. ఆ సరి సంఖ్యల లబ్ధం 2ⁿ⁻¹(n−1)!. పైన 1 నుంచి 2n−2 దాకా అన్ని సంఖ్యలూ చేరి (2n−2)! అయిపోతుంది. 2 ఘాతాలు కొట్టేస్తే ఒక్క 2 మిగులుతుంది:

2·(2n−2)! / ( n!·(n−1)! )

n = 4 వేసి చూద్దాం. 2 × 720 = 1440, కింద 24 × 6 = 144, వచ్చింది 10. నిజంగానే √(1−4x) = 1 − 2x − 2x² − 4x³ − 10x⁴ − 28x⁵ − …

చివరి మెట్టు, 1 − √(1−4x) ని 2x తో భాగించడం. 2 తో భాగిస్తే గుణకాలు సగమవుతాయి: 1, 1, 2, 5, 14. x తో భాగిస్తే సూచిక ఒకటి తగ్గుతుంది. అంటే Cₙ కావాలంటే వెతకాల్సింది xⁿ దగ్గర కాదు, xⁿ⁺¹ దగ్గర. పై సూత్రంలో n ఉన్నచోటల్లా n+1 వేసి, సగం చేయండి:

Cₙ = (2n)! / ( (n+1)!·n! )

దీన్నే 2n లోంచి n ఎంచుకునే విధాలు, భాగం n+1 అని రాస్తాం. n = 4 కి 70/5 = 14. n = 10 కి 184756/11 = 16796. n కి బదులు n+1 వేయడం మరిచిపోతే n = 4 దగ్గర 14 రావలసిన చోట 5 వస్తుంది. అంకె వరసలోదే, స్థానం తప్పు. అందుకే ఈ తప్పుని పట్టుకోవడం కష్టం. ఎప్పుడూ రెండు వరస విలువలు సరిచూడండి, ఒక్కటి చాలదు. C₀ = 1, C₁ = 1 మాత్రం పరీక్షగా పనికిరావు, రెండూ ఒకటే కాబట్టి జరిగిపోయినా బయటపడదు. C₂, C₃ వేయండి.

ఈ జరుగుడు గొడవ పాతదే. 1751 లో ఆయిలర్ గోల్డ్‌బాక్‌కి రాసిన ఉత్తరంలో ఇదే శ్రేణి ఉంది. ఆయన లెక్కపెట్టింది బ్రాకెట్లని కాదు, బహుభుజిని కర్ణాలతో త్రిభుజాలుగా కోసే విధాలని. త్రిభుజానికి 1, చతుర్భుజానికి 2, పంచభుజికి 5. మొదట్లో ఉన్న ఖాళీ వరస తాలూకు 1 ఆయన దండలో లేదు. అందుకని ఆయన సమాధానం (1 − 2a − √(1−4a)) / 2a² అని వేరేగా కనిపిస్తుంది. మన C లోంచి 1 తీసేసి x తో భాగించండి, అక్షరం పొల్లుపోకుండా అదే వస్తుంది. కటలాన్ పేరు ఈ సంఖ్యలకి అంటుకున్నది 1838 లో ఆయన లబ్ధాలకి బ్రాకెట్లు పెట్టే విధాల మీద చేసిన పనితో.

ఇప్పుడొక తమాషా. x కి విలువ లేదన్నాను గానీ, చిన్న సంఖ్య వేస్తే శ్రేణి నిజంగానే ఒక విలువకి చేరుతుంది. x = 0.001 వేయండి.

(1 − √0.996) / 0.002 = 1.001 002 005 014 042 132 430…

దశాంశ స్థానాలని మూడేసి చొప్పున చదవండి. 1, 2, 5, 14, 42, 132! తర్వాత 429 రావాలి, 430 వచ్చింది. ఎందుకంటే దాని తర్వాతది 1430, మూడు అంకెల గదిలో పట్టక ముందు గదిలోకి 1 పొర్లింది. ఇది ఇంట్లో చేసేటప్పుడు ఒక జాగ్రత్త. √0.996 దాదాపు 1, దాన్ని 1 లోంచి తీసేస్తే ముందున్న అంకెలన్నీ కొట్టుకుపోతాయి. √0.996 ని పది దశాంశాలకి కుదించి 0.9979979960 అని మళ్ళీ టైపు చేస్తే 1.001002 దగ్గరే బండి ఆగిపోతుంది. ఎక్కువ అంకెలు ఉంచుకునే సాధనం కావాలి.

x = 0.1 తో అయితే చిన్న కాలిక్యులేటర్ చాలు. మైనస్ మూలం 1.12702 వస్తుంది. 1 + 0.1 + 0.02 + 0.005 + 0.0014 + 0.00042 అని కూడుకుంటూ పోతే దాన్నే చేరతారు. ప్లస్ మూలం 8.873. ఏ గుర్తు సరైనదో అర నిమిషంలో తేలిపోతుంది. అయితే x ని ¼ దాటించకండి. అక్కడ 1−4x సున్నా అయి రెండు మూలాలూ కలిసిపోతాయి, విలువ 2. దాటితే వర్గమూలం లోపల రుణసంఖ్య పడుతుంది, శ్రేణి కూడా ఎక్కడా నిలవదు. Cₙ₊₁ ని Cₙ తో భాగిస్తే (4n+2)/(n+2), అది 4 వైపు పాకుతుంది. ఆ ¼, ఈ 4 ఒకే మాట.

(ఒక విద్యార్థి: "గోదాములో బస్తా రాని, పోని గంటలు కూడా ఉంటే ఇదే పద్ధతి నడుస్తుందాండీ?")

సగం దూరం నడుస్తుంది బాబూ. ఒక్కో గంటకి ఒక x వేద్దాం. గంటలో బస్తా రావచ్చు, పోవచ్చు, ఏమీ జరగకపోవచ్చు. రోజు మొదలు, చివర గోదాము ఖాళీ. దీని జనక ప్రమేయం M అంటే, మొదటి గంట ఊరికే పోతే xM, బస్తా వస్తే ఆ రాక ఒక గంట, దాని పోక ఒక గంట కాబట్టి x²M².

M = 1 + xM + x²M²

గుణకాలు 1, 1, 2, 4, 9, 21. మోట్జ్‌కిన్ సంఖ్యలంటారు. 4x² తో గుణించి వర్గం పూర్తి చేయండి:

(1 − x − 2x²M)² = (1−x)² − 4x² = (1+x)(1−3x)

ఎడమ వైపు స్థిరపదం మళ్ళీ 1. గుర్తు మళ్ళీ దానంతటదే తేలింది, M దొరికింది. ఇబ్బంది ఆ తర్వాత ఉంది. వర్గమూలం కింద ఇప్పుడు రెండు కారణాంకాలు. విడివిడిగా విస్తరించి గుణిస్తే ప్రతి గుణకమూ ఒక పెద్ద కూడికగా వస్తుంది, అది ఇందాకటిలా ఒక్క ఫాక్టోరియల్ భిన్నంగా ముడుచుకోదు. బ్రాకెట్లలో అంత శుభ్రంగా వచ్చిందంటే కారణం వర్గమూలం కింద 1−4x ఒంటరిగా ఉండటమే. 9 వస్తుందో లేదో మాత్రం నాలుగు గంటల రోజులన్నీ రాసి చూడండి, ఒక పేజీ కూడా పట్టదు.